ఎఫిబ్బా, ఫ్లటరా: బొమ్మ లేని ఈసీజీ ప్రశ్నను విడదీసే పద్ధతి

ఈసీజీ కాగితం చేతిలో ఉంటే సగం పని కళ్లే చేసిపెడతాయి. ప్రశ్నలో బొమ్మ ఇవ్వకుండా "రిథమ్ స్ట్రిప్‌లో ఇలా కనబడింది" అని మూడు వాక్యాలు రాసి ఊరుకుంటే మాత్రం బాగా చదివినవాళ్లు కూడా తడబడతారు. నన్నడిగితే ఆ రెండింటిలో మాటల ప్రశ్నే తేలిక. అసలు కాగితం మీద మనకు అక్కర్లేనివి సవాలక్ష ఉంటాయి. మాటల్లో రాసేటప్పుడు ప్రశ్న తయారుచేసినవాళ్లు రెండే రకాల సంగతులు ఉంచుతారు: జవాబు తేల్చేవి, దారి తప్పించేవి. ఏది ఏదో పట్టుకోవడమే మన పని.

కాకినాడలో పీజీ ఎంట్రన్స్‌కి చదివే పిల్లలతో కూర్చున్నప్పుడు నాకు ఎక్కువగా వినపడే మాట ఒకటుంది: "ఇర్రెగ్యులర్ అని ఉందండీ, అందుకే ఎఫిబ్ పెట్టేశానండీ." పదింట ఏడెనిమిదిసార్లు అది సరైన జవాబే అవుతుంది కాబట్టి ఆ అలవాటు వదలదు. మిగతా రెండు మూడుసార్లు ఆ ప్రశ్న పెట్టిందే ఆ అలవాటును పట్టుకోవడానికి. ఏట్రియల్ ఫ్లటర్ కూడా ఇర్రెగ్యులర్‌గా రావచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొన్నిసార్లు గడియారం కొట్టినట్టు రెగ్యులర్‌గా రావచ్చు. కాబట్టి దెబ్బల మధ్య దూరం మారుతోందా అని ఒక్కటే అడిగితే చాలదు. మారితే, ఆ మార్పుకి ఒక కొలత ఉందా అని కూడా అడగాలి. ఈ వ్యాసమంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే.

ముందు లోపల జరిగేది

ఫ్లటర్‌లో, మామూలు రకంలో, కుడి ఏట్రియమ్‌లో ఒకే కరెంటు ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ట్రైకస్పిడ్ వాల్వ్‌కీ ఇన్ఫీరియర్ వీనా కేవాకీ మధ్యనున్న ఇరుకు సందు గుండా అది ప్రతి చుట్టూ వెళ్లాలి. దారి ఒకటే, దూరం ఒకటే, కాబట్టి ప్రతి చుట్టుకీ పట్టే సమయం కూడా ఒకటే. నిమిషానికి దాదాపు 300 చుట్లు. కాస్త అటూ ఇటూగా 250 నుంచి 350 దాకా ఉంటుంది. ఫిబ్రిలేషన్‌లో అలాంటి స్థిరమైన దారి ఏదీ ఉండదు. ఏట్రియమ్ నిండా చిన్న చిన్న అలలు ఎక్కడ పడితే అక్కడ పుట్టి ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటాయి. లెక్కపెట్టగలిగితే నిమిషానికి 350 నుంచి 600.

ఈ రెండింటికీ కింద ఒకటే గేటు, ఏవీ నోడ్. మన డెల్టా కాలువల మీద లాకులు చూసినవాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. పడవలన్నీ ఒకే ఎడంతో వరసగా వస్తుంటే, లాకు దగ్గర రెండింటికి ఒకటి వదిలినా, ఒకసారి రెండింటికీ మరోసారి నాలుగింటికీ ఒకటి వదిలినా, అవతలికి వెళ్లే పడవల మధ్య ఎడం ఎప్పుడూ ఆ మొదటి ఎడానికి రెట్లుగానే ఉంటుంది. అదే పడవలు ఎడం లేకుండా గుంపుగా తోసుకొస్తే, అవతలికి వెళ్లేవాటి మధ్య ఏ లెక్కా దొరకదు. మొదటిది ఫ్లటర్, రెండోది ఎఫిబ్. మిగతా వివరాలన్నీ ఇందులోంచి పుట్టేవే.

మొదటి మెట్టు: ఆర్-ఆర్ దూరం గురించి చెప్పిన వాక్యం వెతకండి

ప్రశ్న పైనుంచి కిందికి చదివేటప్పుడు వయసు, బీపీ, థైరాయిడ్, తాగుడు అన్నీ ముందే వచ్చి ఒక అభిప్రాయం కలిగించేస్తాయి. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందాల బరి దగ్గర తాగి నాలుగో రోజు దడతో వచ్చిన కుర్రాడి గురించి చదవగానే చెయ్యి ఎఫిబ్ వైపు పోతుంది. పండగల్లో అతిగా తాగినవాళ్లకి వచ్చే రిథమ్ గొడవని 1978లోనే 'హాలిడే హార్ట్' అని వర్ణించారు, అందులో ఎఫిబ్‌దే పెద్ద వాటా, నిజమే. కానీ అదే కుర్రాడికి ఫ్లటర్ కూడా రావచ్చు. మైట్రల్ స్టెనోసిస్, థైరాయిడ్ ఎక్కువవడం, బీపీ, ఊపిరితిత్తుల జబ్బు, గుండె ఆపరేషన్ తరవాతి రోజులు: ఇవన్నీ రెండింటికీ కారణాలే. కాబట్టి కథని పక్కన పెట్టి ముందు ఆర్-ఆర్ వాక్యం దగ్గరికి వెళ్లండి.

ఆ వాక్యం సాధారణంగా మూడు రూపాల్లో ఉంటుంది. "ఇర్రెగ్యులర్లీ ఇర్రెగ్యులర్" అని రాస్తే, ఏ రెండు దూరాలూ కలవవు, ఏ వరసా లేదు అని ప్రశ్న రాసినవాళ్లే తేల్చి చెప్పేశారన్నమాట. "రెగ్యులర్" అని రాస్తే మామూలు ఎఫిబ్ దాదాపుగా పోయినట్టే. ఆ మినహాయింపు గురించి తరవాత చెబుతాను. మూడోది చిక్కు రూపం: ఉత్త "ఇర్రెగ్యులర్" అనో, "ఆర్-ఆర్ దూరాలు మారుతున్నాయి" అనో వదిలేస్తారు, లేదా గడుల లెక్క ఇస్తారు. ఈ మూడో రూపం కనబడితే అక్కడే జవాబు పెట్టేయకండి. తేల్చే మాట ఇంకా ముందుంది.

కొన్ని ప్రశ్నల్లో స్ట్రిప్ వాక్యం కంటే ముందు పరీక్షలోనే గుట్టు దాస్తారు. చేతి నాడి 96, గుండె మీద స్టెత్ పెట్టి లెక్కిస్తే 124 అంటే అది పల్స్ డెఫిసిట్. దెబ్బలు తోచినట్టు పడుతున్నప్పుడు కొన్ని దెబ్బలకి గుండె నిండే సమయం చాలక మణికట్టు దాకా నాడి అందదు. ఇది ఎఫిబ్ వైపు మొగ్గు. మెడ నరంలో 'ఏ' వేవ్ కనబడలేదని, మొదటి శబ్దం ఒకసారి గట్టిగా ఒకసారి మెత్తగా ఉందని రాసినా అదే మొగ్గు. మెడ నరంలో చిన్న చిన్న అలలు వేగంగా, సమంగా కదులుతున్నాయని రాస్తే ఫ్లటర్ వైపు. వీటిని మొగ్గుగానే తీసుకోండి, తీర్పుగా కాదు.

రెండో మెట్టు: వేగం, ముఖ్యంగా 150

ఈసీజీ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఒక చిన్న గడి 0.04 సెకన్లు, ఐదు చిన్న గడుల పెద్ద గడి 0.20 సెకన్లు. దూరం గడుల్లో ఇస్తే వేగం ఇలా వస్తుంది:

```
వేగం = 300 ÷ పెద్ద గడులు
వేగం = 1500 ÷ చిన్న గడులు
```

ఇది రెగ్యులర్ రిథమ్‌కే పనికొస్తుంది. ఇర్రెగ్యులర్ అయితే పది సెకన్ల స్ట్రిప్‌లో ఉన్న క్యూఆర్ఎస్‌లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేయాలి. ఎఫిబ్‌లో ఒక్క ఆర్-ఆర్ తీసుకుని 300ని భాగించి వేగం చెప్పేవాళ్లు పక్కనున్న ఇంకో ఆర్-ఆర్ తీసుకుంటే వేరే జవాబు వస్తుంది. ఆప్షన్లలో ఆ రెండు అంకెలూ సిద్ధంగా పెట్టి ఉంచుతారు.

ఇప్పుడు 150 సంగతి. ఏట్రియమ్ 300 కొడుతుంటే, ఏవీ నోడ్ రెండింటికి ఒకటి వదిలితే కింద 150. అందుకే "నారో క్యూఆర్ఎస్, రెగ్యులర్, నిమిషానికి సుమారు 150" అనే వాక్యం కనబడిన ప్రతిసారీ, ఇంకేం రాసున్నా, 2:1 ఫ్లటర్‌ని జాబితాలో మొదట పెట్టుకోవాలి. మూడింటికి ఒకటి అయితే 100, నాలుగింటికి ఒకటి అయితే 75.

అంకె ఒక్కటే పట్టుకుని వేలాడితే మాత్రం దెబ్బతింటారు. అమియోడరోన్, ఫ్లెకైనైడ్ లాంటి మందులు వాడుతున్నవాళ్లలో చుట్టు తిరిగే వేగమే తగ్గిపోతుంది. ఏట్రియమ్ 220 కొడితే 2:1కి 110 వస్తుంది. పైగా ఏట్రియమ్ నెమ్మదించాక ఏవీ నోడ్ ఒక్కోసారి ఒకటికి ఒకటి వదిలేస్తుంది. అప్పుడు కింద వేగం ఒక్కసారిగా 200 దాటుతుంది. ఎఫిబ్‌కి ఫ్లెకైనైడ్ మొదలుపెట్టాక హఠాత్తుగా వెడల్పు క్యూఆర్ఎస్‌తో రెగ్యులర్‌గా 210 అని రాస్తే ప్రశ్న దాని గురించే. ఆ మందుతో పాటు ఏవీ నోడ్‌ని అదుపు చేసే బీటా బ్లాకర్ లాంటిది ఇవ్వడం ఇందుకే.

150లో ఇంకో తగువు సైనస్ టాకీకార్డియాతో. 68 ఏళ్ల మనిషి మంచం మీద కదలకుండా పడుకుని ఉంటే సైనస్ నోడ్ 150 దాకా పోవడం కష్టం. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే 152 ఆయన పరిగెత్తినప్పటి గరిష్ఠం. అంతకంటే పనికొచ్చే క్లూ ఇంకొకటుంది. సైనస్ వేగం కదులుతుంది. జ్వరం తగ్గితే, సెలైన్ ఎక్కిస్తే, మనిషి కాస్త కుదుటపడితే 150 కాస్తా 138, 126 అవుతుంది. ఫ్లటర్ కదలదు. "రెండు గంటల తరవాత కూడా వేగం 150 దగ్గరే ఉంది" అని ఊరికే రాయరు. ఈసీజీ మెషిన్ పైన "సైనస్ టాకీకార్డియా" అని ప్రింట్ చేసిందని రాశారంటే ఇంకా అనుమానించండి. 2:1 ఫ్లటర్ దగ్గర మెషిన్లు పొరపాటు పడటం వార్డుల్లో చూసినవాళ్లకి తెలిసిన సంగతే.

మూడో మెట్టు: బేస్‌లైన్, అది ఏ లీడ్‌లో

"పీ వేవ్‌లు కనబడటం లేదు" అన్న మాటకి పిల్లలు ఇవ్వాల్సినదానికంటే చాలా ఎక్కువ విలువ ఇస్తారు. ఎఫిబ్‌లో పీ ఉండదు, ఫ్లటర్‌లో మామూలు పీ ఉండదు, ఏవీఎన్ఆర్‌టీలో పీ క్యూఆర్ఎస్‌లో కలిసిపోతుంది, జంక్షనల్ రిథమ్‌లోనూ కనబడకపోవచ్చు. కాబట్టి పీ లేదనే మాట ఏదీ తేల్చదు. పీ బదులు ఏముందని రాశారో చూడాలి.

ఫ్లటర్‌కి రాసే మాటలు ఇవి: రంపపు పళ్లలాంటి అలలు, అన్నీ ఒకే ఆకారం, ఒకే ఎడం, అల అయ్యాక అల మొదలవుతుంది తప్ప మధ్యలో చదునైన గీత లేదు. లీడ్ టూ, త్రీ, ఏవీఎఫ్‌లలో కిందికి, వీ వన్‌లో పైకి అని ఉంటే అది మామూలు రకం ఫ్లటర్. 300 వేగంలో రెండు అలల మధ్య దూరం సరిగ్గా ఒక పెద్ద గడి. అందుకే "ప్రతి పెద్ద గడికీ ఒక అల" అని రాస్తే, పేరు చెప్పకుండా చెప్పేశారన్నమాటే.

ఎఫిబ్‌కి రాసే మాటలు: బేస్‌లైన్ సన్నగా వణుకుతోంది, అలల ఎత్తూ ఆకారమూ మారుతున్నాయి, క్రమబద్ధమైన ఏట్రియల్ కదలిక లేదు.

చిక్కంతా వీ వన్‌లోనే. ముతక ఎఫిబ్‌లో, అంటే అలలు పెద్దగా ఉన్న ఎఫిబ్‌లో, వీ వన్ ఒక్కటే చూస్తే అచ్చం ఫ్లటర్‌లాగే ఉంటుంది. కాసేపు పళ్లు వరసగా ఉన్నట్టే కనబడి, మళ్లీ చెదిరిపోతాయి. కుడి ఏట్రియమ్ దానికి దగ్గర కాబట్టి ఆ ఒక్క లీడ్‌లో అలా కనబడుతుంది. అందుకే "వీ వన్‌లో పెద్ద అలలు" అని మాత్రమే రాసి, కింది లీడ్‌లలో రంపపు పళ్ల మాటే ఎత్తకపోతే, పైగా "అలల మధ్య దూరం మారుతోంది" అని చేరిస్తే, అది ఎఫిబ్. ఫిబ్-ఫ్లటర్ అని ఒక ఆప్షన్ పెడితే నేనైతే దాన్ని ముందే కొట్టేస్తాను. వార్డులో నోటిమాటగా అంటారు గానీ, అలా రాసుకున్న కేసుల్లో ఎక్కువ ముతక ఎఫిబ్‌లే.

నాలుగో మెట్టు: మార్పుకి కొలత ఉందా

ఇక మొదట్లో వదిలేసిన మూడో రూపం. ఫ్లటర్‌లో ఏవీ నోడ్ ఒకసారి రెండింటికి, ఒకసారి మూడింటికి, ఒకసారి నాలుగింటికి వదిలితే దాన్ని వేరియబుల్ బ్లాక్ అంటారు. నాడి పట్టుకుంటే అది అచ్చం ఎఫిబ్‌లాగే తగులుతుంది. చేతి వేలికి తేడా తెలియదు. గడుల లెక్కకి తెలుస్తుంది.

ఒక ప్రశ్న మొత్తంగా తీసుకుందాం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే 62 ఏళ్ల పెద్దాయన. చాలా ఏళ్లుగా చుట్ట అలవాటు, ఊపిరితిత్తుల జబ్బుకి ఇన్‌హేలర్. రెండు రోజులుగా దడ. "గుండె ఒకటే కొట్టుకుంటందండి, ఆయ్, పడుకున్నా తగ్గట్లేదండి" అంటున్నాడు. బీపీ 128/80, ఛాతీ నొప్పి లేదు. స్ట్రిప్ గురించి ప్రశ్నలో ఇలా ఉంది: క్యూఆర్ఎస్ సన్నగా ఉంది, రెగ్యులర్, ఆర్-ఆర్ దూరం 10 చిన్న గడులు. లీడ్ టూ, త్రీ, ఏవీఎఫ్‌లలో ప్రతి క్యూఆర్ఎస్‌కీ ముందు కిందికి దిగిన ఒక అల ఉంది, టీ వేవ్ మొదట్లో ఇంకో చిన్న నొక్కు కనబడుతోంది. మెడలో కెరోటిడ్ మసాజ్ చేసిన కాసేపు ఆర్-ఆర్ దూరాలు 20, 10, 20, 15 చిన్న గడులుగా మారాయి, మళ్లీ మొదటి స్థితికి వచ్చేశాయి. ఆప్షన్లు: ఏట్రియల్ ఫిబ్రిలేషన్, సైనస్ టాకీకార్డియా, ఏవీఎన్ఆర్‌టీ, ఏట్రియల్ ఫ్లటర్.

వేగం ముందు. 1500 ÷ 10 అంటే 150. రెగ్యులర్, సన్నని క్యూఆర్ఎస్, 150. ఇక్కడే ఫ్లటర్ జాబితా పైకి వచ్చింది, కానీ సైనస్, ఏవీఎన్ఆర్‌టీ కూడా ఇంకా బతికే ఉన్నాయి.

తరవాత ఆ టీ వేవ్ మీద నొక్కు. ఇది ఊరికే పెట్టింది కాదు. ప్రతి ఆర్-ఆర్‌లోనూ మనకి స్పష్టంగా కనబడే అల ఒకటే. ఏట్రియమ్ 300 కొడుతుంటే అలలు రెండు ఉండాలి. ఆ రెండోది ఎక్కడుంది? ఐదు చిన్న గడుల అవతల, క్యూఆర్ఎస్‌లోనో టీలోనో మునిగి ఉంటుంది. ఆ నొక్కు అదే. దీనికి వాడుకలో బిక్స్ రూల్ అని ఒక గుర్తుంది. పీలాంటి అల రెండు క్యూఆర్ఎస్‌లకి సరిగ్గా నడిమధ్యన కనబడితే, దాని జోడీ క్యూఆర్ఎస్ లోపల దాక్కుని ఉందేమో చూడమంటుంది. ఈ ప్రశ్నలో జోడీ టీ మీద తేలింది, కాబట్టి మనం ఊహించాల్సిన పని కూడా లేదు.

ఇక కెరోటిడ్ మసాజ్. దాంతో ఏవీ నోడ్ కాసేపు మూసుకుంటుంది, తక్కువ వదులుతుంది. ఏవీఎన్ఆర్‌టీకి ఆ నోడే దారిలో భాగం, కాబట్టి అది పని చేస్తే రిథమ్ మొత్తం ఠక్కున ఆగి సైనస్‌కి మారిపోవాలి. ఇక్కడ ఆగలేదు, కాసేపు చెదిరి మళ్లీ 150కే వచ్చింది. సైనస్ అయితే నెమ్మదిగా తగ్గి నెమ్మదిగా పెరగాలి తప్ప ఇలా గెంతులు వేయదు. రెండూ పోయాయి.

మిగిలింది ఎఫిబ్, ఫ్లటర్. మసాజ్ తరవాత "ఇర్రెగ్యులర్" అయింది కదా అని చాలామంది ఇక్కడే ఎఫిబ్ పెట్టేస్తారు. అంకెలు చూడండి: 20, 10, 20, 15. నాలుగూ ఐదుకి రెట్లు. 4, 2, 4, 3. అంటే లోపల ప్రతి ఐదు చిన్న గడులకీ, అంటే 0.20 సెకన్లకీ, ఒక అల వస్తూనే ఉంది. గేటు వదిలే లెక్కే మారింది. ఏట్రియల్ వేగం 1500 ÷ 5, అంటే 300. జవాబు ఏట్రియల్ ఫ్లటర్. మొదట 2:1, మసాజ్ తరవాత వేరియబుల్ బ్లాక్.

అదే ప్రశ్నలో దూరాలు 12, 17, 13, 22, 18 అని ఇచ్చి ఉంటే? ఐదుతో ఏదీ కుదరదు, ఇంకే చిన్న అంకె పట్టుకున్నా అన్నీ కలిసి దానికి రెట్లుగా పడవు. ఏ రెండూ సమానం కావు. అలలకి ఒకే ఆకారం లేదని కూడా ఉంటే అది ఎఫిబ్. తేడా కొలతలో ఉంది తప్ప ఇర్రెగ్యులర్ అన్న మాటలో లేదు.

ఈ లెక్కకి ఒక హద్దు ఉంది. ప్రశ్నలో రాసిన అంకెలు శుభ్రంగా రెట్లుగా పడతాయి. నిజం కాగితం మీద వేరియబుల్ బ్లాక్ ఫ్లటర్‌లో దూరాలు అంత కచ్చితంగా ఉండవు. ఏవీ నోడ్ దాటడానికి ఒక్కో అలకి పట్టే ఆలస్యం కాస్త మారుతూ ఉంటుంది కాబట్టి ఒక చిన్న గడి అటూ ఇటూ అవుతుంది. 19, 11, 20, 14 అని ఇచ్చినా దాన్ని ఐదు రెట్లుగానే చదవాలి. అయితే గడి తేడాకి ఎంత సడలింపు ఇస్తే అంత తేలిగ్గా ఎఫిబ్ కూడా రెట్లుగా కనబడటం మొదలవుతుంది. అందుకని వార్డులో ఆర్-ఆర్ కంటే అలల మధ్య దూరాన్నే డివైడర్‌తో కొలవడం మంచిది. ప్రశ్నలో రెండూ ఇస్తే కూడా అలల దూరానికే ముందు విలువ ఇవ్వండి.

మసాజ్ బదులు అడినోసిన్ ఇచ్చినట్టు రాస్తే తర్కం అదే. ఇంజెక్షన్ పడగానే కొన్ని సెకన్లు క్యూఆర్ఎస్‌లు ఆగి, ఆ ఖాళీలో రంపపు పళ్లు బయటపడ్డాయి అంటే ఫ్లటర్. అడినోసిన్ ఫ్లటర్‌ని సాధారణంగా ఆపదు, ముసుగు తీస్తుంది అంతే. "అడినోసిన్ పని చేయలేదు కాబట్టి..." అని మొదలయ్యే ఆప్షన్ చూసి మోసపోకండి.

రూల్ తిరగబడే మూడు చోట్లు

రెగ్యులర్ అయిన ఎఫిబ్. లంక గ్రామాల నుంచి వచ్చే పాత రుమాటిక్ గుండె జబ్బు మనిషిని ఊహించుకోండి. ఎన్నో ఏళ్లుగా ఎఫిబ్, డిగాక్సిన్ మాత్ర. ఇప్పుడు వాంతులు, చూపు పసుపుగా అవడం. స్ట్రిప్ వాక్యం: పీ లేదు, బేస్‌లైన్ సన్నగా వణుకుతోంది, క్యూఆర్ఎస్ సన్నగా, రెగ్యులర్‌గా, నిమిషానికి 44. బేస్‌లైన్ ఎఫిబ్ అంటోంది, ఆర్-ఆర్ కాదంటోంది. రెండూ నిజమే. పైన ఎఫిబ్ అలాగే ఉంది, గేటు పూర్తిగా మూసుకుపోయింది, కింద జంక్షన్ తన సొంత వేగంతో కొడుతోంది. ఎఫిబ్‌తో కంప్లీట్ హార్ట్ బ్లాక్, కారణం డిగాక్సిన్ ఎక్కువవడం. ఎఫిబ్ మనిషి నాడి హఠాత్తుగా సమంగా అయిందంటే బాగుపడ్డాడనుకోవడం ఇక్కడి ప్రమాదం.

రెండోది ఊపిరితిత్తుల జబ్బు మనిషికి ఇర్రెగ్యులర్లీ ఇర్రెగ్యులర్ అని రాసి, తరవాతి వాక్యంలో "కనీసం మూడు ఆకారాల పీ వేవ్‌లు, మధ్యలో చదును బేస్‌లైన్" అని పెడతారు. అది మల్టీఫోకల్ ఏట్రియల్ టాకీకార్డియా. ఎఫిబ్ కాదు, ఫ్లటరూ కాదు. ఇక్కడ పీ ఉంది అన్న ఒక్క ముక్కే ప్రశ్న మొత్తాన్ని మోస్తుంది.

మూడోది తప్పితే మనిషి పోతాడు కాబట్టి కాస్త నిలబడదాం. 24 ఏళ్ల కుర్రాడు, ఇంతకుముందు ఏ జబ్బూ లేదు, అప్పుడప్పుడు దడ వచ్చి పోతుండేది. ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. స్ట్రిప్: వేగం 220 పైన, ఇర్రెగ్యులర్, క్యూఆర్ఎస్ వెడల్పుగా, దెబ్బ దెబ్బకీ వెడల్పు మారుతోంది. ఇది డబ్ల్యూపీడబ్ల్యూలో ఎఫిబ్. మామూలు ఎఫిబ్‌లో ఏవీ నోడ్ అడ్డుపడటం వల్ల మందు లేకుండా కింద వేగం చాలావరకు 110 నుంచి 160 మధ్య ఉంటుంది. ఇక్కడ పక్కదారి ఒకటి ఉంది, దానికి ఆ ఓపిక లేదు. కొన్ని దెబ్బలు నోడ్ గుండా, కొన్ని పక్కదారి గుండా, కొన్ని రెండూ కలిసి వస్తాయి. వెడల్పు మారడం అందుకే. వెంట్రిక్యులర్ టాకీకార్డియా ఇంత ఇర్రెగ్యులర్‌గా ఉండదు. ఇక్కడ అడినోసిన్, వెరాపమిల్, డిల్టియాజెమ్, బీటా బ్లాకర్, డిగాక్సిన్ ఉన్న ఆప్షన్లన్నీ తప్పే. నోడ్‌ని మూస్తే రద్దీ అంతా పక్కదారిలో పడి వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌కి దారితీయవచ్చు. మనిషి నిలకడగా ఉంటే ప్రొకైనమైడ్, బీపీ పడిపోతే ఆలస్యం చేయకుండా సింక్రొనైజ్డ్ షాక్.

రిథమ్ తేలాక వచ్చే రెండో ప్రశ్న

చాలా ప్రశ్నల్లో రిథమ్ పేరు అడగరు, తరవాత ఏం చేయాలో అడుగుతారు. చికిత్సలో రెండూ చాలా దూరం కలిసే నడుస్తాయి. మనిషి కుప్పకూలేలా ఉంటే రెండింటికీ షాక్. నిలకడగా ఉంటే వేగం అదుపు. గడ్డకట్టే ముప్పుకి లెక్కలు రెండింటికీ ఒకటే, ఫ్లటర్ కాబట్టి రక్తం పలచన చేసే మందు అక్కర్లేదనే ఆప్షన్ తప్పు.

విడిపోయేది అబ్లేషన్ దగ్గర. ఫ్లటర్‌కి దారి ఒకటే కాబట్టి, మొదట్లో చెప్పిన ట్రైకస్పిడ్ వాల్వ్, ఇన్ఫీరియర్ వీనా కేవా మధ్య సందుని కాల్చేస్తే చుట్టు తెగిపోతుంది. చాలామందిలో అది సఫలమవుతుంది కూడా. ఎఫిబ్‌కి అలా ఒక్క చోటు లేదు. ఎడమ ఏట్రియమ్‌లోకి తెరుచుకునే పల్మనరీ వీన్స్ చుట్టూ గీత గీసి వాటిని విడదీస్తారు. "కుడి ఏట్రియమ్‌లో ఇస్త్మస్" అని ఒక ఆప్షన్, "పల్మనరీ వీన్స్" అని ఒక ఆప్షన్ ఉంటే, ప్రశ్న స్ట్రిప్ వాక్యం గురించే అడుగుతోందని అర్థం.

మందు దగ్గర ఒక సంగతి మన వైపు ప్రశ్నల్లో ఎక్కువ వస్తుంది, రుమాటిక్ జబ్బు ఇంకా ఉంది కాబట్టి. మైట్రల్ స్టెనోసిస్ ఒక మోస్తరుగానైనా ఉండి దానితో ఎఫిబ్ ఉంటే స్కోరు వేయక్కర్లేదు, వార్ఫరిన్ నేరుగా మొదలుపెట్టాలి. రుమాటిక్ గుండె జబ్బుతో ఎఫిబ్ ఉన్నవాళ్ల మీద చేసి 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో, రివరోక్సబాన్ కంటే వార్ఫరిన్ తరగతి మందు తీసుకున్నవాళ్లకే ఫలితం మెరుగ్గా వచ్చింది. కాబట్టి ఆ రోగికి ఆప్షన్లలో కొత్త మాత్రలు ఎన్ని ఉన్నా, ఐఎన్ఆర్ చూసుకుంటూ ఇచ్చే వార్ఫరిన్‌కే టిక్ పెట్టండి.